ఎన్ఆర్ఐల పంటి వైద్యం: నెల సెలవులో ఇంప్లాంట్ పూర్తవుతుందా? పల్నాడుకు టికెట్ కొనే ముందే తేల్చుకోవాల్సిన లెక్కలివీ..

డిసెంబర్ వచ్చిందంటే నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు ఊళ్లలో అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ నుంచి వచ్చినవాళ్ల సందడి మొదలవుతుంది. సంక్రాంతి, పెళ్లిళ్లు, పొలం పనులు, బ్యాంకు పనులు.. వీటితో పాటు ఇప్పుడు ఆ జాబితాలో పంటి వైద్యం కూడా చేరింది. 'అక్కడ పన్ను ముట్టుకుంటే వేల డాలర్లు, ఇండియా వెళ్లినప్పుడు ఆ పని కానిచ్చేద్దాం' అనే మాట ఎన్ఆర్ఐ ఇళ్లలో మామూలైపోయింది. ప్రపంచమంతా డెంటల్ టూరిజం అని పిలిచేది దీన్నే. మెక్సికోకో, హంగేరీకో వెళ్లే విదేశీయుడికి అది పరాయి దేశం. మనవాళ్లకు మాత్రం సొంతూరు. అక్కడే చిక్కు మొదలవుతోంది. ఊరు తెలిసినదే, డాక్టరు తెలిసినవాళ్లు చెప్పినవాడే, భాష మనదే.. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు అడగకుండానే కుర్చీలో కూర్చుంటున్నారు.

మన దగ్గర వైద్యం బాగుండదన్నది ఇక్కడ విషయం కాదు. మంచి డాక్టర్లు ఉన్నారు, మంచి పరికరాలు కూడా ఉన్నాయి. అసలు ప్రశ్న వేరే. నాలుగు వారాల సెలవుకు, నాలుగు నుంచి తొమ్మిది నెలలు పట్టే వైద్యానికి ఎలా కుదురుతుంది? విమానం ఎక్కాక ఆ పంటి బాధ్యత ఎవరిది?

డాలర్ లెక్క ఎక్కడ మొదలవుతుంది?

అమెరికాలో ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే డెంటల్ ఇన్సూరెన్స్ చాలా ప్లాన్లలో ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. ఒక్క ఇంప్లాంట్, దాని మీద క్యాప్ కలిపితే అక్కడ సాధారణంగా 3,000 నుంచి 5,000 డాలర్ల దాకా అవుతుంది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ మెడికేర్ పెద్దవాళ్ల పంటి వైద్యాన్ని చాలావరకు భరించదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యంలో కొత్త పేషెంట్‌గా డెంటిస్టు దొరకడమే కష్టంగా ఉంది. అదే ఇంప్లాంట్, క్యాప్ కలిపి మన దగ్గర కంపెనీని బట్టి సుమారు 25 వేల నుంచి 60 వేల రూపాయల్లో అవుతుంది. తేడా ఇంత ఉన్నప్పుడు ఇండియా గుర్తు రావడం సహజం.

అయితే ఈ లెక్కలో ఒక్క పంక్తి ఎప్పుడూ రాయరు. ఆ పన్నుకు రెండోసారి పని పడితే ఎంత? ఆ పంక్తి రాస్తే తప్ప అసలు ఖర్చు తెలియదు. అది తెలియాలంటే ఇంప్లాంట్ నోట్లో ఏం చేస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

ఎముక సెలవు చూసుకోదు

ఇంప్లాంట్ అంటే టైటానియంతో చేసిన చిన్న మర లాంటిది. పన్ను పోయిన చోట దవడ ఎముకలో రంధ్రం చేసి దాన్ని బిగిస్తారు. బిగించిన రోజు అది గోడలో స్క్రూ నిలిచినట్టు కేవలం పట్టు మీదే నిలుస్తుంది. తర్వాత వారాల్లో దాని చుట్టూ ఉన్న ఎముక కొంత కరిగి, కొత్త ఎముక పుట్టి, ఆ లోహాన్ని అంటుకుంటుంది. ఆ అతుకు గట్టిపడటానికి కింది దవడలో దాదాపు 3 నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడలో 4 నుంచి 6 నెలలు పట్టడం మామూలు. షుగర్ అదుపులో లేనివాళ్లకు, సిగరెట్ తాగేవాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు, అసలు అతుక్కోకపోవచ్చు కూడా. అతికాకే దాని మీద క్యాప్ పెడతారు.

పన్ను ఇంకా నోట్లోనే ఉండి, అది పీకించాల్సి ఉంటే మరో మెట్టు అదనం. చీము పట్టిన పన్ను పీకిన చోట పుండు మాని ఎముక నిండటానికి చాలాసార్లు రెండు మూడు నెలలు ఆగమంటారు. కొందరికి పీకిన రోజే ఇంప్లాంట్ పెట్టడం కుదురుతుంది. అయితే అది సెలవు ఎన్ని రోజులుందనే దాన్ని బట్టి కాదు, ఎముక ఎంత ఉంది, ఇన్ఫెక్షన్ ఉందా లేదా అన్న దాన్ని బట్టి తేల్చాలి.

మరి 'మూడు రోజుల్లో పళ్లు' అన్న బోర్డుల సంగతేంటి? అది పూర్తిగా అబద్ధం కాదు. నోట్లో పళ్లన్నీ పోయినవాళ్లకు నాలుగైదు, అంతకు మించి ఇంప్లాంట్లు పెట్టి, వాటన్నిటినీ కలిపి ఒకే పట్టీలా బిగించి వెంటనే పళ్లు ఇచ్చే పద్ధతి ఉంది. ఒకదానికొకటి ఆసరాగా ఉంటాయి కాబట్టి అవి కదలవు. కానీ ఎక్కువ కేసుల్లో ఆ పళ్లు తాత్కాలికమైనవే. కొన్ని నెలలు మెత్తటి తిండి తిని, ఎముక అతికాక అసలు సెట్ వేయించుకోవాలి. వెనక దవడలో ఒంటరిగా పెట్టిన ఒక్క ఇంప్లాంట్ మీద మూడో రోజే క్యాప్ పెట్టి నమిలేయమనడం వేరే విషయం. అప్పుడు నమిలే బలానికి మర కదులుతుంది. కదిలిన మర చుట్టూ ఎముక బదులు మెత్తటి కండ లాంటి పొర పెరుగుతుంది. ఇక అది అతకదు. అందుకే 'మూడు రోజుల్లో' అన్నవాళ్లను అడగాల్సింది ఒక్కటే.. ఇవి అసలు పళ్లా, తాత్కాలికమా? తాత్కాలికమైతే అసలువి ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు?

ఒక సెలవు, ఒక నోరు: తేదీల వారీగా..

ఒక ఉదాహరణ తీసుకుందాం. టెక్సాస్‌లో ఉండే నరసరావుపేట వాసి డిసెంబర్ 20న ఊరికి వచ్చి, జనవరి 17న తిరిగి వెళ్లాలనుకుందాం. కింది దవడలో ఒక పన్ను రెండేళ్ల క్రితమే పోయింది. అక్కడ ఇంప్లాంట్ కావాలి. ఇంకో పక్క దవడ పన్ను పుచ్చి నొప్పి పెడుతోంది. దానికి రూట్ కెనాల్, క్యాప్ కావాలి. చేతిలో ఉన్నది 28 రోజులు. అందులో భోగి, సంక్రాంతి, కనుమకు క్లినిక్, క్యాప్ తయారు చేసే ల్యాబ్ రెండూ మూతపడతాయి. అంటే నిజంగా ఉన్నది 25 రోజులే.

చాలామంది చేసేదేంటి? చుట్టాలను చూసి, పెళ్లి ముగించుకుని, మూడో వారంలో తీరిగ్గా క్లినిక్‌కు వెళ్తారు. అప్పటికి ఆట అయిపోయినట్టే. సరిగ్గా చేస్తే అది ఇలా ఉండాలి. డిసెంబర్ 22కే పరీక్ష, ఎక్స్‌రే, ఇంప్లాంట్ చోటు కోసం సీబీసీటీ స్కాన్. ఇది దవడను మూడు కొలతల్లో చూపించే స్కాన్. ఎముక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉంది, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఎంత లోతులో పోతోంది అన్నది ఇందులో కనిపిస్తుంది. 23న రూట్ కెనాల్ మొదలు. 26న ఇంప్లాంట్. 30న రూట్ కెనాల్ పూర్తి. జనవరి 3న ఇంప్లాంట్ కుట్లు తీయడం, అదే రోజు రెండో పన్ను అరగదీసి క్యాప్‌కు కొలత. 9న క్యాప్ బిగింపు. 12న మళ్లీ ఒకసారి చూపించుకోవడం.

ఈ చివరి 12వ తేదీని చాలామంది వదిలేస్తారు. కొత్త క్యాప్ కాస్త ఎత్తుగా ఉందా అన్నది కుర్చీలో కూర్చున్నప్పుడు, మత్తు ఉన్నప్పుడు తెలియదు. రెండు మూడు రోజులు అన్నం తింటే తెలుస్తుంది. నోరు మూయగానే ఆ పన్నే ముందు తగులుతుంటే, నమిలితే నొప్పి పెడుతుంటే అది ఎత్తుగా ఉన్నట్టు. డాక్టర్ దగ్గర అయిదు నిమిషాల పని. డాలస్‌లో అయితే అపాయింట్‌మెంట్, కొత్త ఎక్స్‌రే, కన్సల్టేషన్ ఫీజు. ఆలస్యమైతే పన్ను వేరు చుట్టూ వాపు.

ఇంప్లాంట్ తొలి వారంలోనే ఎందుకు పెట్టాలన్నదానికి ఇంకా గట్టి కారణం ఉంది. కింది దవడలో మర నరాన్ని తాకినా, నొక్కినా పెదవి, గడ్డం తిమ్మిరెక్కి ఉండిపోతాయి. మత్తు ఇంజెక్షన్ వల్ల వచ్చే తిమ్మిరి కొన్ని గంటల్లో పోవాలి. మర్నాడు పొద్దునకీ పోలేదంటే 'అదే తగ్గుతుందిలే' అని ఊరుకోకూడదు. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. మళ్లీ స్కాన్ తీసి, నరం మీద ఒత్తిడి ఉంటే ఇంప్లాంట్ వెనక్కి తీయడమో, తొలగించడమో చేయాలి. ఈ పని ఒకటి రెండు రోజుల్లో జరిగితే నరం కోలుకునే అవకాశం బాగా ఎక్కువ. వారాలు గడిస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది. ప్రయాణానికి ముందు రోజు ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లు ఆ రెండు రోజులూ విమానంలో, ఎయిర్‌పోర్టుల్లో ఉంటారు. పై దవడలో సైనస్ దగ్గర ఎముక పెంచే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ముక్కు చీదకూడదు, విమానంలో ఒత్తిడి మార్పులు కూడా ఇబ్బందే. ఎన్నాళ్లు ఆగాలో సర్జన్‌ను అడిగాకే టికెట్ తేదీ పెట్టుకోవాలి.

క్యాప్ ఎక్కడ? లెక్క మారేది ఇక్కడే

సరే, అంతా సవ్యంగా జరిగింది. జనవరి 17న విమానం ఎక్కారు. కానీ ఇంప్లాంట్ మీద క్యాప్ ఇంకా లేదు. మార్చి చివర దాకా పెట్టకూడదు. అప్పుడు దారులు రెండు.

మొదటిది, వచ్చే ఏడాది మళ్లీ వచ్చినప్పుడు ఇక్కడే పెట్టించుకోవడం. చిగురు కింద మూసి పెట్టిన ఇంప్లాంట్ ఏడాది ఆగినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయితే ఖాళీ అలాగే ఉంటే పక్క పళ్లు మెల్లగా వాలొచ్చు, పై పన్ను కిందికి దిగొచ్చు. రెండోది, అమెరికాలోనే అక్కడి డెంటిస్టుతో క్యాప్ పెట్టించుకోవడం.

ఖర్చు ఇలా అనుకుందాం. మొత్తం పని అమెరికాలో అయితే 4,500 డాలర్లు. ఇండియాలో పూర్తిగా అయితే సుమారు 500 డాలర్లు. ఎలాగూ ప్రతి ఏడాదీ ఊరికి వచ్చేవాళ్లైతే, రెండు ట్రిప్పుల్లో పూర్తి చేసుకుంటే మిగులు 4,000 డాలర్లు. ఇక్కడ ఇంప్లాంట్, అక్కడ 2,000 డాలర్లకు క్యాప్ అయితే మిగులు సుమారు 2,000. కేవలం క్యాప్ కోసమే ప్రత్యేకంగా రావాలంటే 1,400 డాలర్ల టికెట్, పోగొట్టుకున్న సెలవులు. ఇంప్లాంట్ ఫెయిలై మళ్లీ పెట్టాల్సి వస్తే ఇంకో రెండు ప్రయాణాలు. 'లైఫ్‌టైమ్ గ్యారంటీ' కార్డు ఉన్నా, అది ఆ క్లినిక్‌కు వచ్చినవాళ్లకే పనిచేస్తుంది. టికెట్ ఖర్చు అందులో ఉండదు. అంటే ఒక్క పంటికి మిగిలే డబ్బును ఒక్క తప్పు మింగేయగలదు. నాలుగైదు పళ్ల పనికి లెక్క వేరేగా ఉంటుంది. ఎవరి కాగితం వాళ్లే వేసుకోవాలి.

పెట్టె మీద స్టిక్కర్.. దాని విలువ రెండు వేల డాలర్లు

అమెరికాలో క్యాప్ పెట్టించుకుందామని వెళ్తే అక్కడి డెంటిస్టు అడిగే మొదటి ప్రశ్న: 'ఇది ఏ కంపెనీ ఇంప్లాంట్?' ఎందుకంటే ఒక కంపెనీ మరకు ఇంకో కంపెనీ భాగాలు సరిపోవు. లోపలి గాడి కొందరిది ఆరు పలకలు, కొందరిది కోన్ ఆకారం, కొలతలు వేరు, స్క్రూ బిగించే చిన్న డ్రైవర్ కూడా వేరు. ఎక్స్‌రేలో చూసి ఊహించడానికి ప్రయత్నిస్తారు కానీ ఒకదానికొకటి పోలిన ఇంప్లాంట్లు మార్కెట్లో వందల రకాలున్నాయి. అక్కడ అమ్మకంలో లేని కంపెనీ అయితే భాగాలే దొరకవు. అప్పుడు చక్కగా అతికిన ఇంప్లాంట్‌ను కూడా వాడలేక, తీసేసి కొత్తది పెట్టాలనే మాట వస్తుంది.

దీనికి మందు చాలా చిన్నది. ప్రతి ఇంప్లాంట్ పెట్టె మీద కంపెనీ పేరు, మోడల్, మందం, పొడవు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. పేషెంట్ ఫైల్‌లో అంటించడానికే దాన్ని ఇస్తారు. ఒకటి క్లినిక్ ఫైల్‌లో, ఒకటి పేషెంట్ చేతిలో ఉండాలి. భారత్‌లో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం లేబుల్ మీద తయారీ లేదా దిగుమతి లైసెన్స్ నంబర్, లాట్ నంబర్ ఉండాలి. 'స్టిక్కర్ పారేశాం' అన్నా, 'కంపెనీదే సార్, మంచిదే' అని దాటేసినా అక్కడే ఆగి ఆలోచించాలి.

కాబట్టి ఇంప్లాంట్ ఎంచుకునేటప్పుడే తాము ఉండే దేశంలో ఆ కంపెనీ అమ్మకాలున్నాయా లేదా చూసుకోవాలి. ఇంటి దగ్గర కంప్యూటర్ ముందు పది నిమిషాల పని. 10 వేలు ఎక్కువైనా అక్కడ భాగాలు దొరికే కంపెనీయే ఎన్ఆర్ఐకి చవక. క్యాప్‌ను సిమెంటుతో అతికిస్తున్నారా, స్క్రూతో బిగిస్తున్నారా అన్నది కూడా అడగాలి. స్క్రూ రకమైతే ఏ ఊరి డెంటిస్టయినా విప్పి, శుభ్రం చేసి మళ్లీ బిగించగలడు. సిమెంటు రకంలో చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు నెలల తర్వాత వాపు, చీము తెప్పించిన సందర్భాలున్నాయి. క్యాప్ కొంచెం కదులుతోందంటే ఇంప్లాంట్ పోయినట్టు కాదు. చాలాసార్లు లోపలి స్క్రూ వదులైనట్టు. క్యాప్‌తో పాటు అడుగున మర కూడా కదులుతుంటే, బ్రష్ చేసినప్పుడల్లా రక్తం వస్తుంటే, నొక్కితే చీము కనిపిస్తుంటే అప్పుడు నిజంగా ఆందోళన పడాలి.

వాణియంబాడి చెప్పిన పాఠం: శుభ్రతను కళ్లతో చూడాలి

నాణ్యత అంటే ఏసీ గది, సోఫా, అద్దాల తలుపులు కాదు. మన పొరుగునే తమిళనాడులోని తిరుపత్తూరు జిల్లా వాణియంబాడిలో జరిగింది ఇందుకు ఉదాహరణ. 2022-23లో ఆ ప్రాంతంలో మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు మెదడుకు ఎక్కిన కేసులు వరసగా బయటపడ్డాయి. వెల్లూరు సీఎంసీ, ఐసీఎంఆర్ పరిశోధకుల అధ్యయనం 2025లో ప్రచురితమైంది. మొత్తం 21 కేసుల్లో 10 మంది ఒకే డెంటల్ క్లినిక్‌లో వైద్యం చేయించుకున్నవాళ్లు. ఆ పది మందిలో 8 మంది చనిపోయారు. కారణం ఏంటంటే.. పళ్లు కడగడానికి వాడే సెలైన్ సీసాను శుభ్రం చేయని పరికరంతో తెరిచి, సరిగా మూయకుండా ఉంచి, అదే సీసాను మళ్లీ మళ్లీ వాడటం. ఖరీదైన యంత్రం పాడవలేదు. తప్పంతా ఒక సీసా దగ్గర జరిగింది.

పేషెంట్ చూడగలిగినవి ఉన్నాయి. పరికరాలు మూసిన కవర్‌లోంచి తన ముందే తీస్తున్నారా? ఆ కవర్ మీద ఉండే గుర్తు ఆవిరి యంత్రంలో పెట్టాక రంగు మారుతుంది, మారిందా? ఇంప్లాంట్ ఆపరేషన్‌కు కొత్త సెలైన్ సీసా తెరుస్తున్నారా? డ్రిల్ చేసే హ్యాండ్‌పీస్‌ను ఒకరి తర్వాత ఒకరికి తుడిచి వాడుతున్నారా, దాన్ని కూడా ఆవిరిలో పెడుతున్నారా? ఈ మాట అడిగితే మంచి డాక్టర్ కోప్పడడు, చూపిస్తాడు.

ఎవరు చేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. డెంటిస్టు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. క్లినిక్‌కు జిల్లా వైద్యాధికారి కార్యాలయం నుంచి రిజిస్ట్రేషన్ ఉండాలి. కొన్ని చోట్ల ఇంప్లాంట్లు పెట్టడానికి బయటి ఊరి సర్జన్ వారానికో పక్షానికో వస్తారు. అది తప్పు కాదు. కానీ కుట్లు విడిచిపోయినా, వాపు వచ్చినా ఆయన ఎక్కడుంటారు? ఎవరు చూస్తారు? మాచర్ల నుంచి గుంటూరుకు బస్సులో సుమారు మూడు గంటలు. రాత్రి పూట రక్తం ఆగకపోతే ఫోన్ ఎత్తే మనిషి ఎవరో ముందే తెలియాలి. రెండో అభిప్రాయం కావాలంటే విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, గుంటూరు పక్కన తక్కెళ్లపాడులో సిబార్ డెంటల్ కాలేజీ అందుబాటులోనే ఉన్నాయి.

గారపళ్లకు క్యాపులు.. తొందర వద్దు

పల్నాడు వాళ్ల విషయంలో ఇంకో మాట ఉంది. వినుకొండ, బొల్లాపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన చాలామందికి పళ్ల మీద గోధుమ రంగు గార ఉంటుంది. అమెరికా వెళ్లాక ఫొటోల్లో అదే కనిపించి, సెలవులో వచ్చి ముందు పళ్లన్నిటికీ క్యాపులు వేయించుకుంటున్నవాళ్లున్నారు. వారంలో అయిపోతుంది, తెల్లగా కనిపిస్తుంది. కానీ క్యాప్ వేయాలంటే పన్నును చుట్టూ అరగదీయాలి. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. 30 ఏళ్లకు వేయించుకున్న క్యాప్ జీవితాంతం ఉండదు. మార్చాల్సి వస్తుంది, కొన్ని పళ్లకు తర్వాత రూట్ కెనాల్ కూడా పడుతుంది. ఆ పనులన్నీ జరిగేది ఆ దేశంలోనే, ఆ రేటుకే.

రంగు ఒక్కటే సమస్య అయితే, పన్ను విరగకుండా గట్టిగా ఉంటే, పైపొరను కొద్దిగా రుద్ది మరక తగ్గించే పద్ధతి, బ్లీచింగ్, పల్చటి రెజిన్ పూత లాంటివి ముందు ప్రయత్నించొచ్చు. గార బాగా ముదిరితే ఇవి చాలవు, అది నిజమే. అయినా 'ఎనిమిది క్యాపులు వేసేద్దాం' అన్నప్పుడు 'ముందు అరగదీయకుండా ఏం చేయొచ్చు?' అని అడగడం పేషెంట్ హక్కు. క్లిప్పుల విషయం కూడా ఇంతే. ఏడాదిన్నర, రెండేళ్ల పాటు వరసగా బిగింపులు చూపించుకోవాల్సిన వైద్యాన్ని నెల సెలవులో మొదలుపెడితే మధ్యలో అందుకునే డాక్టర్ అక్కడ దొరకడం కష్టం. దొరికినా మొదటి నుంచి ఫీజు కట్టమంటారు.

విమానం ఎక్కే ముందు చేతిలో ఏముండాలి?

విదేశాల్లో వైద్యం చేయించుకునేవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే సలహా ఒకటుంది. తిరిగొచ్చాక ఎవరు చూస్తారన్నది వెళ్లేముందే ఏర్పాటు చేసుకోండి అని. ఎన్ఆర్ఐలకూ ఇదే వర్తిస్తుంది. ఊరికి బయల్దేరే ముందే అక్కడి డెంటిస్టును కలిసి, 'ఇండియాలో ఇంప్లాంట్ పెట్టించుకుని వస్తే తర్వాత పని మీరు చేస్తారా? ఏ కంపెనీ అయితే చేస్తారు?' అని అడగాలి. ఇంకొకరు చేసిన పనిని అందుకుంటే బాధ్యత తమ మీద పడుతుందని కొందరు ఒప్పుకోరు. ఆ మాట ముందే తెలిస్తే నిర్ణయం మారుతుంది. అక్కడ ఇప్పటికే తీసిన ఎక్స్‌రేలు ఉంటే తెచ్చుకోవాలి. ఇక్కడి డాక్టర్‌కు ముందే పంపిస్తే ఎన్ని రోజులు పడుతుందో, ఒక్క ట్రిప్పులో ఏది అవుతుందో, ఏది కాదో టికెట్ కొనకముందే తేలిపోతుంది.

తిరిగి వెళ్లేటప్పుడు ఒక ఫైల్ చేతిలో ఉండాలి. అందులో ఇంప్లాంట్ స్టిక్కర్, పనికి ముందు, తర్వాత తీసిన ఎక్స్‌రేలు, పెన్‌డ్రైవ్‌లో సీబీసీటీ స్కాన్ అసలు ఫైలు ఉండాలి. ప్రింటు సరిపోదు. ఏ పంటికి ఏ రోజు ఏం చేశారో, రూట్ కెనాల్‌లో ఎన్ని కాలువలు నింపారో, క్యాప్ ఏ పదార్థమో రాసిన డాక్టర్ చీటీ ఉండాలి. ఇచ్చిన మందుల పేర్లు ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు ఫోన్ మారిస్తే పోతాయి. కాగితం మీద సంతకం, తేదీ ఉన్నదే రేపు పనికొస్తుంది.

ఇక బిల్లు. 'బిల్లు లేకపోతే కొంచెం తగ్గిస్తాం' అంటే చాలామంది ఒప్పేసుకుంటారు. కానీ పని చెడితే అడగడానికి ఆధారం అదే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం డబ్బు తీసుకుని చేసిన వైద్యంలో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు మాత్రం సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లే. ఇంప్లాంట్ అతకకపోవడం ఒక్కటే లోపం కాదు. జాగ్రత్తగా చేసినా కొన్ని అతకవు. స్కాన్ తీయకుండా పెట్టడం, చెప్పిన కంపెనీ కాకుండా వేరేది పెట్టడం, తిమ్మిరి ఉందని చెప్పినా పట్టించుకోకపోవడం లాంటివి నిరూపించాలంటే ఆ ఫైల్, ఆ బిల్లు కావాల్సిందే.

ఇవన్నీ చూశాక సెలవులో ఏం చేయించుకోవాలన్నది స్పష్టంగానే కనిపిస్తుంది. పుచ్చిన పళ్లకు ఫిల్లింగులు, శుభ్రం చేయించుకోవడం, తొలి వారంలోనే మొదలుపెట్టిన రూట్ కెనాల్, దాని క్యాప్.. ఇవి నాలుగు వారాల్లో పడతాయి. ఇంప్లాంట్ రెండు ట్రిప్పుల పని, లేదా రెండు దేశాల డాక్టర్ల పని. క్లిప్పులు, నోరంతా క్యాపులు మాత్రం ఈ సెలవులో పట్టవు. సంక్రాంతికి టికెట్లు ఆగస్టులోనే బుక్ చేసుకునేవాళ్లు, ఆ రోజే నరసరావుపేట క్లినిక్‌కు ఒక ఎక్స్‌రే పంపి, ఒక ఫోన్ చేస్తే ఈ ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే దొరుకుతుంది.